కలుపుమందు అవశేషాలకు ప్రథమ క్రమాంక లెక్క: ఉదయగిరి, ఆత్మకూరు నేలల సందర్భం

రసాయన గతిశాస్త్రం పాఠంలో విద్యార్థులు సాధారణంగా చక్కెర జలవిశ్లేషణనో, నైట్రోజన్ పెంటాక్సైడ్ వియోగాన్నో తీసుకొని వేగ స్థిరాంకాన్ని గణించి ఊరుకుంటారు. వ్యవసాయ విద్యార్థికి అంతకంటె దగ్గరి ఉదాహరణ నేలలోనే ఉన్నది. జొన్న, మొక్కజొన్న చేలలో చల్లే అట్రజిన్ కలుపుమందు నేలలో క్షీణించే తీరు చాలా సందర్భాలలో ప్రథమ క్రమాంక చర్యను పోలి ఉంటుంది. ఆ పైరు తరువాత మినుము వంటి పప్పుధాన్యం వేయదలచిన రైతుకు ఈ లెక్కతో నేరుగా పని పడుతుంది. అవశేషం మిగిలితే జొన్నకు హాని చేయని మందే మినుమును మాడ్చుతుంది.

చర్యా వేగం గాఢతపై ఎలా ఆధారపడుతుందో చెప్పేదే వేగ నియమం.

వేగం = k Cⁿ

ఇందులో n చర్యా క్రమాంకం. తుల్య సమీకరణాన్ని చూసి దీనిని చెప్పలేము. ప్రయోగం ద్వారానే నిర్ణయించాలి. అట్రజిన్ జలవిశ్లేషణలో నీరు కూడా క్రియాజనకమే. అయితే తడి నేలలో మందుతో పోల్చితే నీరు ఎంతో అధికం కాబట్టి దాని పరిమాణం మారనట్లే లెక్క. అందువలన వేగం మందు గాఢతను మాత్రమే అనుసరిస్తుంది. దీనినే మిథ్యా ప్రథమ క్రమాంక చర్య అంటారు. సూక్ష్మజీవుల వలన జరిగే క్షయానికీ, వాటి సంఖ్య స్థిరంగా ఉన్నంత వరకు, ఇదే వర్తిస్తుంది.

ఒక అభ్యాసం చూద్దాం. ఇందులోని అంకెలు లెక్క కోసం ఎంచుకొన్నవి. మందు చల్లిన రోజున పై పది సెంటీమీటర్ల మట్టిలో కిలోకు 0.64 మి.గ్రా. ఉన్నదనుకొందాం. 30వ రోజున 0.32, 60వ రోజున 0.16 మిగిలాయి. మొదటి సగం తగ్గడానికి 30 రోజులు, మిగిలినదానిలో సగం తగ్గడానికి మళ్లీ 30 రోజులే పట్టాయి. అర్ధాయువు తొలి గాఢతతో మారకపోవడమే ప్రథమ క్రమాంకానికి గుర్తు. శూన్య క్రమాంకమైతే 60వ రోజుకు మందు పూర్తిగా పోయేది. ద్వితీయ క్రమాంకమైతే 0.21 మిగిలేది. 30వ రోజు వరకు ఈ మూడింటికీ తేడా కనిపించదు. కేవలం రెండు నమూనాలతో క్రమాంకం తేల్చిన నివేదికలను అందుకే నమ్మరాదు.

t½ = 0.693 / k
k = 0.693 / 30 = 0.0231 (రోజుకు)

మినుముకు 0.08 వరకు హాని లేదనుకొంటే, 0.64 నుండి అక్కడికి చేరడానికి మూడు అర్ధాయువులు, అంటే 90 రోజులు కావాలి. రైతు మోతాదును రెట్టింపు చేస్తే 1.28 నుండి మొదలవుతుంది. అప్పుడు పట్టేది 180 రోజులు కాదు, 120 రోజులు. రెట్టింపు మోతాదు గడువును ఒక్క అర్ధాయువు మేరకే పెంచుతుంది. అది స్వల్పమనిపించవచ్చు గాని, విత్తే అదను తప్పిపోవడానికి ఆ నెల రోజులు చాలు.

ఇక్కడే స్థలభేదం ప్రవేశిస్తుంది. k ఒక నేలకు, ఒక తేమకు, ఒక ఉష్ణోగ్రతకు చెందిన విలువ. ఆత్మకూరు వైపు సోమశిల నీరు పారే పొలాలలో మట్టి తడిగా ఉండి క్షయం కొనసాగుతుంది. ఉదయగిరి మెట్టలో ఈశాన్య రుతుపవనాల వానలపైనే ఎక్కువగా ఆధారం. వాన ముఖం చాటేస్తే మట్టి ఎండి, సూక్ష్మజీవుల పని, జలవిశ్లేషణ రెండూ మందగిస్తాయి. పై లెక్కలోని 90 రోజులలో 40 రోజులు నేల ఎండి చర్య ఆగిందనుకొంటే, పనిచేసినవి 50 రోజులే.

C = 0.64 × e^(−0.0231 × 50) ≈ 0.20

ఇది మనం అనుకొన్న హద్దుకు రెండున్నర రెట్లు. ఎండిన నేలలో చర్య పూర్తిగా ఆగదు కనుక వాస్తవం 0.08కీ 0.20కీ మధ్య ఎక్కడో ఉంటుంది. అయినా క్యాలెండరు రోజులను కాక తడి రోజులను లెక్కించడమే మెట్టకు సరియైన పద్ధతి అని నా అభిప్రాయం. ఉదజని సూచిక కూడా గమనించాలి: ఆమ్ల నేలలో జలవిశ్లేషణ త్వరగా, తటస్థ, క్షార నేలలలో నెమ్మదిగా సాగుతుంది.

ln C ని కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ రావాలి. తరచుగా అది మొదట నిటారుగా దిగి, తరువాత చదునుగా వంగుతుంది. కొంత మందు బంకమట్టికి, సేంద్రియ పదార్థానికి అంటుకొని సూక్ష్మజీవులకు అందకపోవడం ఇందుకు ఒక కారణం. అటువంటప్పుడు తొలి నెల అర్ధాయువుతో మూడో నెలను అంచనా వేస్తే అవశేషం తక్కువగా కనిపిస్తుంది. చివరి నమూనాల గాఢత పరికరపు గుర్తింపు హద్దుకు దగ్గరైతే, స్వల్ప దోషం కూడా ln C లో పెద్దదై రేఖను వంచుతుంది. వంపు నేలదో పరికరానిదో తేల్చడానికి ఆ నమూనాలను మళ్లీ విశ్లేషించాలి.

ప్రయోగశాల అందుబాటులో లేనిచోట, విత్తడానికి నెల ముందు ఆ చేని మట్టిని, మందు తగలని మట్టిని వేర్వేరు కుండీలలో నింపి దోస, మినుము గింజలు నాటి చూడవచ్చు. మొలక వచ్చిందని తృప్తి పడరాదు. అట్రజిన్ కిరణజన్య సంయోగక్రియను అడ్డుకొంటుంది గనుక మొలక మామూలుగానే వస్తుంది. ఆకులు విచ్చుకొన్నాకనే వాటి అంచులు పసుపెక్కి ఎండడం మొదలవుతుంది. రెండు మూడు వారాల పాటు రెండు కుండీలను పోల్చి చూసిన తరువాతనే విత్తే విషయం నిర్ణయించాలి.