ఉత్తుత్తి జవాబుతో అసలు జవాబు వేట

‘జ్ఞానదంతం పీకడానికి ఎంతసేపు పడుతుంది?’ దవడ పట్టుకుని కూర్చున్న మనిషి అడిగేది ఇంతే. కానీ వైద్య పుస్తకంలో దీనికి జవాబు చెప్పే పేరా ఈ మాటలతో ఉండదు. ‘పన్ను పూర్తిగా బయటికి వచ్చి ఉంటే పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఎముకలో ఇరుక్కుని ఉంటే చిగుళ్లు కోసి, పన్నును ముక్కలు చేసి తీయాలి’ అన్న తీరులో సాగుతుంది. అందులో ప్రశ్న లేదు, ‘ఎంతసేపు’ అన్న మాట కూడా లేదు.

కంప్యూటర్ వెతుకులాటలో చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. ఈ తరం వెతికే యంత్రాలు ప్రతి పేరాను ఒక అంకెల వరుసగా మార్చి దాచుకుంటాయి. దీన్నే ఎంబెడింగ్ అంటారు. అర్థం దగ్గరగా ఉన్న రాతలకు అంకెలూ దగ్గరగా వస్తాయి. మన ప్రశ్ననూ అలాగే అంకెలుగా మార్చి, దానికి చేరువలో ఉన్న పేరాలను తెచ్చి చూపుతాయి. అయితే ప్రశ్నకు ఎక్కువ పోలిక ఉండేది మరో ప్రశ్నతోనే. ‘జ్ఞానదంతం పీకించుకుంటే ఎంత ఖర్చవుతుంది?’ అన్న వాక్యం మన ప్రశ్నకు పక్కింట్లో ఉంటుంది. కావలసిన జవాబేమో నాలుగు వీధుల అవతల.

ఏ ప్రశ్నకు ఏ పేరా జవాబో మనుషులు జత కట్టి పెట్టిన ఉదాహరణలు వేలల్లో, లక్షల్లో ఉంటే వాటితో యంత్రానికి తర్ఫీదు ఇవ్వొచ్చు. కొత్త రంగానికో, రాత తక్కువున్న భాషకో అలాంటి జతలు దొరకవు. 2022 డిసెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయాల పరిశోధకులు నలుగురు దీనికి ఒక అడ్డదారి చూపించారు. దాని పేరు హైడ్.

ముందుగా ప్రశ్నను ఒక భాషా మోడల్‌కు ఇచ్చి, ‘దీనికి జవాబుగా ఒక పేరా రాయి’ అంటారు. అది పుస్తకాలేవీ తిరగేయకుండా, తనకు తోచినట్టు రాసేస్తుంది. ‘జ్ఞానదంతం తీయడానికి సాధారణంగా 20 నిమిషాలు పడుతుంది, ముందుగా మత్తు ఇస్తారు’ అని రాసిందనుకుందాం. ఆ 20 తప్పే కావచ్చు. ఆ పేరానే అంకెలుగా మార్చి, దానికి దగ్గరగా ఉన్న నిజమైన పేరాల కోసం వెతుకుతారు. అవి దొరకగానే ఉత్తుత్తి పేరా పని అయిపోయినట్టే, దాన్ని పారేస్తారు. చదివేవారికి అందేది పుస్తకంలోని పేరా మాత్రమే.

తప్పు జవాబు సరైన చోటికి ఎలా చేరుస్తుంది? పేరా మొత్తాన్ని కొన్ని వందల అంకెల్లోకి కుదించేటప్పుడు ప్రతి వివరమూ నిలవదు. ఇది దంతవైద్యం, పన్ను తీసే పని, సమయం సంగతి అన్న ముఖ్య విషయం నిలుస్తుంది. 20 నిమిషాలా, 45 నిమిషాలా అన్నది చాలావరకు జారిపోతుందని పరిశోధకుల వాదన. పైగా వాళ్లు ఒక్క పేరాతో సరిపెట్టలేదు. 8 పేరాలు రాయించి, వాటి అంకెలకు ప్రశ్న అంకెలనూ కలిపి సగటు తీశారు. ఏ పేరా పొరపాటు దానిదే కాబట్టి సగటులో పలచబడుతుంది, అన్నింటిలో ఉన్న విషయం బలపడుతుంది.

2019 నాటి ట్రెక్ పోటీ ప్రశ్నలపై దీన్ని పరీక్షించారు. మొదటి పది ఫలితాల్లో మంచివి ఎంత పైన వచ్చాయో చూసి 100కు మార్కులు వేసే కొలత అది. జతలతో తర్ఫీదు లేని యంత్రం ప్రశ్నతో నేరుగా వెతికితే 44.5 వచ్చింది. పదాలను పోల్చి చూసే పాత పద్ధతికి 50.6. ఉత్తుత్తి జవాబుతో వెతికితే అదే యంత్రానికి 61.3 వచ్చింది.

అన్నిచోట్లా ఇది పనికిరాదు. మోడల్‌కు ఆ విషయమే తెలియకపోతే, ఉదాహరణకు ఒక కార్యాలయం తన లోపల వాడుకునే పొట్టి పేరు ప్రశ్నలో ఉంటే, అది వేరే అర్థం పట్టుకుని ధీమాగా రాస్తుంది. వెతుకులాట మొత్తం ఆ దారినే పోతుంది. దొరికిన పేరాలన్నీ తమలో తాము పొంతన కుదిరి, ప్రశ్నకు మాత్రం సంబంధం లేకుండా ఉంటే అనుమానించాల్సింది ఉత్తుత్తి పేరానే. దాన్ని తెరిచి చదివితే ఎక్కడ దారి తప్పిందో కనబడుతుంది. జతలతో ముందే బాగా తర్ఫీదైన యంత్రానికి బలహీనమైన మోడల్ రాసిన పేరాలు తోడైతే ఫలితం కాస్త దిగజారిందని ఆ పరిశోధకులే చూపించారు. ప్రతి ప్రశ్నకూ పేరాలు రాయించాలి కనుక ఆలస్యమూ ఖర్చూ ఎలాగూ తప్పవు.

అందుకే దీన్ని పెట్టుకునే ముందు, జవాబు ఏ పేరాలో ఉందో తెలిసిన ఓ యాభై ప్రశ్నలు తీసుకుని, మామూలు పద్ధతితోనూ దీనితోనూ వెతికి చూడాలి. తేడా లేకపోతే వదిలేయడమే మేలు. పెట్టుకున్నాక మాత్రం ఒక్క నియమం తప్పకూడదు: ఉత్తుత్తి జవాబు వెతకడానికే గానీ చదివేవారికి చూపడానికి కాదు.