లేబుల్ వేసే ఆర్టిస్టుకు ఏం రాసి పంపాలి? మా కందిపప్పు ప్యాకెట్ అనుభవం

మాది చేవెళ్ల దగ్గర చిన్న చేను. ప్రకృతి వ్యవసాయంలో పండించిన కందిని మరపట్టించి, పాలిష్ లేని పప్పుగా 500 గ్రాముల ప్యాకెట్లలో మొయినాబాద్, హైదరాబాద్‌లో అమ్ముకుంటున్నాం. ఈ లేబుల్ రెండుసార్లు చేయించాల్సి వచ్చింది. తప్పు ఆర్టిస్టుది కాదు, నాదే.

మొదటిసారి నేను వాట్సాప్‌లో పంపింది ఒక్క మాట: "తమ్మీ, మంచిగ, నేచురల్‌గ ఉండాలె." అతను పచ్చ ఆకు, ఎద్దు, సూర్యుడు వేసి పంపాడు. బాగానే ఉంది, కానీ ఏ షాపులో చూసినా అదే బొమ్మ. పైగా పక్కన "తాండూరు కందిపప్పు" అని, "100% ఆర్గానిక్" అని రాశాడు. నేను చెప్పకపోతే అతనికి ఎట్ల తెలుస్తది? తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చేవెళ్లలో పండిన పప్పుకు ఆ పేరు పెట్టుకోరాదు. ఇక ఆర్గానిక్ గుర్తు వేయాలంటే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ గానీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. మా దగ్గర అప్పటికి లేదు.

రెండోసారి ఒక పేజీ రాసుకుని కూర్చున్నాను. మొదట ఎవరు కొంటారో రాశాను: నగరంలో ఉండే కుటుంబాలు, ప్యాకెట్‌ను చేతిలో పట్టుకుని చదివి కొనేవాళ్లు. తర్వాత బొమ్మ సంగతి. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ పోయే దారిలో వందల కొద్దీ పెద్ద మర్రిచెట్లున్నాయి. మా ఊరి దారి గుర్తు అదే. "ఊడలు దిగిన ఒక్క మర్రిచెట్టు కావాలి. ఆకు, ఎద్దు, సూర్యుడు వద్దు" అని రాశాను. ఏది వద్దో చెప్పడం వల్ల సగం పని తగ్గింది.

మూడోది కొలత. ఖాళీ కవరును కొలిచి పంపితే మోసపోతాం. పప్పు నింపాక కవరు ఉబ్బుతుంది, చదునైన చోటు తగ్గుతుంది. అందుకే నిండిన ప్యాకెట్ మీద స్కేలు పెట్టి కొలిచి, ఫోటో తీసి పంపాను. ప్రెస్సు వాళ్లను అడిగితే, కత్తిరింపు కోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు రంగు ఎక్కువ వదలమన్నారు. అదీ రాశాను.

నాలుగోది అక్షరాలు. పేరు, నికర బరువు, కావలసినవి, పోషక వివరాలు, మా చిరునామా, కస్టమర్ ఫోన్, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, పచ్చ చుక్క శాకాహార గుర్తు, అన్నీ టైపు చేసి ఇచ్చాను. కాగితం మీద రాసి ఫోటో పంపితే ఆర్టిస్టు మళ్లీ టైపు చేయాలి, అక్కడే తప్పులు దూరతాయి. తెలుగుకు ఇంకో చిక్కుంది: కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ అక్షరాలు పెడితే ఒత్తులు విడిపోతాయి. "పప్పు" అన్న మాటలో ఒత్తు ఊడి పక్కకు పోతుంది. కాబట్టి ప్రూఫ్ చదివాకే అక్షరాలను కర్వ్స్‌గా మార్చమని రాశాను. మార్చాక దిద్దడం కష్టం.

అన్నిటికంటే నాకు ఖర్చు పెట్టించింది ఖాళీ చోటు. బ్యాచ్ నంబరు, ప్యాక్ చేసిన తేదీ, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ ప్రతిసారీ మారతాయి. 500 గ్రాముల ప్యాకెట్ మీద గ్రాముకు ధర కూడా వేయాలి. వీటిని మేము ముద్రతో వేస్తాం. మొదటి లేబుల్ అంతా గ్లాసీ లామినేషన్. ముద్ర సిరా ఆరక వేలితో తుడిస్తే పోయింది, ఆ స్టిక్కర్లన్నీ వృథా. రెండో బ్రీఫ్‌లో "కింద కుడివైపు 4 సెం.మీ. x 2 సెం.మీ. తెల్ల చోటు, దాని మీద లామినేషన్ వద్దు" అని రాశాను. ప్రెస్సు వాళ్లు, మొత్తం షీటుకు ఒకేసారి వేస్తారు కాబట్టి చోటు వదలడం కుదరదన్నారు. దాంతో లామినేషన్ లేని మ్యాట్ స్టిక్కరు ఎంచుకుని, ముందే ఒక ముక్క మీద ముద్ర వేసి చూసుకున్నాం.

చివర పని షరతులు. ముందు సగం డబ్బు, పని అయ్యాక సగం. రెండుసార్లు దిద్దుబాట్లు, ఆపైన వేరే లెక్క. పీడీఎఫ్‌తో పాటు ఎడిట్ చేసుకునే ఒరిజినల్ ఫైలు ఇవ్వాలి. లోగో హక్కులు నాకు రాసివ్వాలి. డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు మనదైపోయిందని అనుకోకండి, కాగితం మీద సంతకం ఉండాలి.

ఫైలు రాగానే ప్రెస్సుకు పంపకండి. అసలు సైజులో మామూలు కాగితం మీద ప్రింటు తీసి, నిండిన ప్యాకెట్‌కు అంటించి, షాపు షెల్ఫులో పెట్టి రెండు అడుగుల దూరం నుంచి చూడండి. లోగోను 2 సెం.మీ.కు తగ్గించి నలుపు తెలుపులో కూడా చూడండి. మా మర్రి ఊడలు మొదట ముద్దగా కనిపించాయి, అయిదు ఊడలకు తగ్గించమన్నాక తేటగా వచ్చింది.

నేను రాసిన పేజీ, పాత కొత్త లేబుళ్లు రెండూ కింది వీడియోలో చూపించాను. మీ పంటకు తగ్గట్టు మార్చుకోండి.