రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు: షుగర్ ఉన్నవారి వ్యాయామానికి ఒక లెక్క

షుగర్ ఉందని తెలిసిన రోజున డాక్టరు గారు చెప్పే మొదటి మాట “రోజూ నడవండి” అని. మర్నాడు తెల్లవారుజామున లేచి బూట్లు వేసుకుని బయలుదేరుతాం. ఎంతసేపు నడవాలి అని అడుగుతాం గాని, ఎప్పుడు నడవాలి అని అడిగేవారు తక్కువ. టైప్ 2 మధుమేహంలో ఆ రెండో ప్రశ్నకు చాలా విలువ ఉంది. నడకతో పాటు కండరాలకు బరువు పెట్టే వ్యాయామం కూడా కావాలా అన్నది మూడో ప్రశ్న. ఈ రెండింటి గురించి ఈ వారం వివరంగా చూద్దాం.

మనం తిన్న అన్నం, ఇడ్లీ, చపాతీ కడుపులో కరిగి గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తాయి. మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి గంట, గంటన్నర మధ్యలో రక్తంలో చక్కెర సాధారణంగా ఎక్కువ ఎత్తుకు చేరుతుంది. దానిని కండరాల కణాల్లోకి పంపే తాళంచెవి ఇన్సులిన్. టైప్ 2 ఉన్నవారిలో ఆ తాళంచెవి సరిగా తిరగదు. అయితే కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ కోసం ఎదురు చూడకుండానే గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. కాబట్టి చక్కెర పైకి ఎక్కుతున్న సమయంలోనే కాళ్లకు పని చెబితే, ఆ ఎత్తు కొంత తగ్గుతుంది.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు దీనిని పరీక్షించి 2016లో ఫలితం ప్రచురించారు. టైప్ 2 ఉన్న 41 మంది కొన్నాళ్లు రోజుకు 30 నిమిషాలు తమకు వీలైన వేళలో నడిచారు. మరికొన్నాళ్లు అదే 30 నిమిషాలను మూడు ముక్కలు చేసి, ప్రతి పూట భోజనం తర్వాత పది నిమిషాల చొప్పున నడిచారు. నడిచిన సమయం రెండు పద్ధతుల్లోనూ ఒకటే. అయినా భోజనం తర్వాత పెరిగే చక్కెర రెండో పద్ధతిలో సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తక్కువ. పిండి పదార్థం ఎక్కువగా తినేదీ, తిన్నాక కదలకుండా కూర్చునేదీ రాత్రిపూటే కాబట్టి తేడా అక్కడ ఎక్కువగా కనిపించింది. మన ఇళ్లలో కూడా పరిస్థితి అదే కదా!

ఇప్పుడు కండరాల సంగతి. భోజనం తర్వాత రక్తంలోని గ్లూకోజులో ఎక్కువ భాగం వెళ్లి చేరవలసిన గాదె కండరమే. వయసు పైబడే కొద్దీ ఆ గాదె చిన్నదవుతుంది. పైగా మన భారతీయుల్లో చాలామందికి చూడటానికి సన్నగా ఉన్నా కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. నడక ఆ గాదె తలుపు తెరుస్తుంది గాని గాదెను పెద్దగా పెంచదు. దాన్ని పెంచేది బరువు పని. అమెరికాలోని లూసియానాలో 262 మందితో తొమ్మిది నెలలు జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. కొందరికి నడక వంటి వ్యాయామం మాత్రమే, కొందరికి బరువులు మాత్రమే, కొందరికి రెండూ కలిపి ఇచ్చారు. మూడు గుంపులకూ వారానికి పట్టిన సమయం దాదాపు సమానం. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ, ఏ వ్యాయామం చేయనివారితో పోలిస్తే స్పష్టంగా తగ్గింది రెండూ కలిపి చేసినవారిలోనే.

దీనిని ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. ఇది లెక్క అర్థం కావడానికి కల్పించినదే గాని, ఇలాంటివారు మనలో చాలామంది ఉన్నారు. ఏలూరులో ఉండే 54 ఏళ్ల స్కూలు టీచరమ్మ అనుకుందాం. మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము ఉదయం టిఫిన్‌కు ముందు వేసుకుంటారు. రోజూ ఉదయం ఐదు గంటలకు లేచి 40 నిమిషాలు నడుస్తారు. పరగడుపు చక్కెర 118. చూసి సంతోషిస్తారు. కాని హెచ్‌బీఏ1సీ 7.8 వచ్చింది. అంటే సగటు చక్కెర సుమారు 177. పరగడుపున 118 ఉన్న మనిషికి సగటు అంత ఎలా వచ్చింది? రాత్రి తొమ్మిదికి అన్నం తిని, రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూస్తే 236 ఉంది. ఆవిడ నడక మంచిదే గాని, చక్కెర కొండెక్కే వేళకు ఆవిడ టీవీ ముందు ఉంటున్నారు.

ఆవిడకు పథకం ఇలా వేయవచ్చు. ఉదయపు 40 నిమిషాల్లో 20 మాత్రమే ఉంచాలి, అదీ టిఫిన్ తిన్నాక. స్కూల్లో మధ్యాహ్న భోజనం కాగానే వరండాలో పది నిమిషాలు నడవాలి. రాత్రి భోజనాన్ని ఎనిమిదికి జరిపి, తిన్న పదిహేను, ఇరవై నిమిషాలకు లేచి పది పదిహేను నిమిషాలు నడవాలి. వీధిలో కుక్కల భయం ఉంటే మేడ మీద, లేదా ఇంట్లోనే హాలు నుంచి వంటింటి దాకా తిరిగినా చాలు. వేగం ఎంత అంటారా? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. రోజుకు 40, 45 నిమిషాల చొప్పున వారంలో ఐదు రోజులు నడిచినా, పెద్దలకు సాధారణంగా సూచించే 150 నిమిషాలు దాటిపోతుంది.

బరువు పని మంగళ, గురు, శనివారాల్లో, వరుస రోజులు కాకుండా. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, చిన్న పలహారం తీసుకున్నాక ఇరవై నిమిషాలు. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి దండీలు, కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తడం, లీటరు నీళ్ల సీసాలను రెండు చేతులతో భుజం మీదికి ఎత్తడం, రబ్బరు బ్యాండును కిటికీ ఊచకు కట్టి ఛాతీ వైపు లాగడం. ఒక్కొక్కటి 10 నుంచి 15 సార్లు చేసి, నిమిషం ఆగి మళ్లీ ఒక విడత. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. 15 సులువుగా అయిపోతుంటే బరువు చాలడం లేదని గుర్తు. అప్పుడు సీసా పెద్దది కావాలి, కుర్చీ నుంచి మెల్లగా లేవాలి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. శ్రమ పడేటప్పుడు గాలి వదలండి.

పథకం పని చేస్తున్నదా లేదా అన్నది ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రాత్రి ఒకే రకం భోజనం, ఒకే కొలతలో, ఆరు రోజులు తినండి. మూడు రోజులు తిన్నాక నడవండి, మూడు రోజులు నడవకండి. ప్రతిసారి మొదటి ముద్ద నుంచి సరిగ్గా రెండు గంటలకు చక్కెర చూసి రాయండి. ఒక్క రోజు తేడా చూసి నిర్ణయించవద్దు. గ్లూకోమీటర్‌కే 15 శాతం దాకా హెచ్చుతగ్గులు ఉండవచ్చు. మూడేసి రోజుల సగటులను పోల్చితే నిజం తెలుస్తుంది. తీపి తిన్న చేతిని కడగకుండా వేలు గుచ్చితే అంకె తప్పుగా ఎక్కువ వస్తుందని కూడా మరచిపోకండి.

ఇక జాగ్రత్తలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి వ్యాయామం వల్ల చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారికి ఆ ప్రమాదం నిజంగా ఉంది. వారు వ్యాయామానికి ముందు చక్కెర చూసుకోవాలి. 90 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని మొదలుపెట్టాలి. మధ్యలో వణుకు, చెమట, గుండెదడ, ఆకలి, తికమక కనిపిస్తే వెంటనే ఆగి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి వణుకు, దడ సరిగా తెలియవు. వారికి చెమట పట్టడమే గుర్తు కావచ్చు. వ్యాయామం చేసిన కొన్ని గంటల తర్వాత, రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. ఇలా రెండుసార్లు జరిగితే వ్యాయామం మానేయకండి, మాత్ర మోతాదు తగ్గించాలేమో డాక్టరు గారిని అడగండి. మన టీచరమ్మ పథకం మొదలు పెట్టే ముందే ఆ మాట అడిగి ఉంచుకోవాలి.

మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసినది ఉపవాస ప్రార్థన రోజు. భోజనం మానేసి గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుని, పైగా మందిరానికి నడిచి వెళ్లడం అపాయకరమైన కలయిక. ఉపవాసం ఉండాలనుకుంటే ఆ రోజు ఏ మాత్ర ఎలా వేసుకోవాలో, అసలు ఉపవాసం ఉండవచ్చో లేదో ముందుగానే డాక్టరు గారితో మాట్లాడండి. ఆ రోజు బరువు పని వద్దు. ఒంట్లో తేడా అనిపిస్తే ఉపవాసం విరమించి ఏదైనా తాగాలి, అందులో సంకోచం అక్కరలేదు.

కొందరు ముందు పరీక్షలు చేయించుకున్నాకే మొదలుపెట్టాలి. కంటి రెటీనా దెబ్బతిని రక్తస్రావం అయినవారు ముక్కి బరువులెత్తకూడదు. పాదాలకు స్పర్శ తెలియనివారు చెప్పులు లేకుండా, మేడ మీదైనా నడవకూడదు. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, ఎర్రబడినా బొబ్బ లేచినా ఆ కాలికి విశ్రాంతి ఇవ్వాలి. నడిస్తే ఛాతీ బరువెక్కేవారికి కడుపునిండా తిన్న వెంటనే నడక మంచిది కాదు, వారు గుండె డాక్టరును కలవాలి. చక్కెర 250 దాటి, వాంతులో జ్వరమో ఉన్న రోజు వ్యాయామం వద్దు.

ఒక చిన్న సూత్రం గుర్తుంటే మిగతా లెక్క దానంతటదే వస్తుంది. ఒకసారి చేసిన వ్యాయామం వల్ల ఇన్సులిన్ కొంచెం బాగా పని చేయడం ఒకటి రెండు రోజులే ఉంటుంది. ఆదివారం గంటన్నర నడిచి వారమంతా కూర్చుంటే బుధవారానికి ఆ మేలు మిగలదు. కాబట్టి పెళ్లికి ఊరు వెళ్లినా, ఇంటికి చుట్టాలు వచ్చినా, వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ పోనివ్వకండి. ఏమీ కుదరని రోజున కూడా ఒక్కటి నిలుపుకోవాలంటే, రాత్రి భోజనం తర్వాతి పది నిమిషాలను నిలుపుకోండి.