కార్డుతో కొంటే ఎవరి డబ్బు పోతుంది?

మర్రిగూడలో ఒక అక్క బట్టలు కుడుతుంది. కాలితో తొక్కే పాత మిషను పాడైపోయింది. మోటారు ఉన్న కొత్త మిషనును ఫోనులో చూసింది. ధర 6,000 రూపాయలు. బ్యాంకు ఖాతాలో ఆమెకు 14,000 రూపాయలు ఉన్నాయి. పత్తి ఏరిన కూలి, కుట్టుకూలి అన్నీ కలిపి అంత అయింది. బిడ్డ కాలేజీ ఫీజు కూడా అందులోంచే కట్టాలి.

మిషను డబ్బు కార్డుతో కట్టాలి. అక్క దగ్గర బ్యాంకు ఇచ్చిన డెబిట్ కార్డు ఉంది. హైదరాబాదులో పనిచేసే ఆడబిడ్డ పండుగకు వచ్చింది. ఆమె దగ్గర క్రెడిట్ కార్డు ఉంది.

"వదినె, నువ్వు కూడ క్రెడిట్ కార్డు తీసుకో. మోసం జరిగితే బ్యాంకు పైసలే పోతయి, మనయి పోవు. పైంగ పాయింట్లు ఇస్తరు" అంది ఆడబిడ్డ.

ఇందులో కొంత నిజం ఉంది, కొంత లేదు.

డెబిట్ కార్డుతో కొంటే మన ఖాతాలో ఉన్న డబ్బు వెంటనే పోతుంది. క్రెడిట్ కార్డుతో కొంటే బ్యాంకు మనకు అప్పు ఇచ్చినట్టు. నెలకొకసారి బిల్లు వస్తుంది. అప్పుడు కట్టాలి.

మోసం సంగతి చూద్దాం. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. అది రెండు కార్డులకూ వర్తిస్తుంది. మన తప్పు లేకుండా, బ్యాంకు తప్పు కూడా లేకుండా బయటి దొంగ డబ్బు తీశాడనుకోండి. బ్యాంకు మెసేజి వచ్చిన తర్వాత మూడు పనిదినాల లోపల బ్యాంకుకు చెప్తే నష్టం మన మీద పడదు. నాలుగో రోజు నుండి ఏడో రోజు లోపల చెప్తే కొంత నష్టం మనం భరించాలి. ఇంకా ఆలస్యమైతే బ్యాంకు తన పద్ధతి ప్రకారం తేలుస్తుంది. మనమే ఎవరికో ఓటీపీ చెప్తే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా మనదే. ఏ కార్డైనా ఇదే మాట.

మరి తేడా ఎక్కడ? దొంగ అక్క డెబిట్ కార్డుతో 9,000 తీస్తే ఖాతాలో 5,000 మిగులుతుంది. ఫిర్యాదు చేశాక ఆ డబ్బు ఖాతాలో వేయడానికి బ్యాంకుకు పది పనిదినాల గడువు ఉంది. ఆ లోపల ఫీజు గడువు వస్తే ఏం చేయాలి? క్రెడిట్ కార్డైతే 9,000 బిల్లులో కనబడుతుంది. ఖాతాలో డబ్బు అట్లాగే ఉంటుంది. ఆడబిడ్డ మాటలో నిజం ఇంతవరకే.

ఇప్పుడు పాయింట్ల సంగతి. నూరు రూపాయలకు ఒక పాయింటు, ఒక్కో పాయింటుకు పావలా ఇచ్చే కార్డులున్నాయి. అట్లాంటి కార్డుతో మిషను కొంటే అక్కకు వచ్చేది 15 రూపాయలు.

ఆ బిల్లులో రెండు అంకెలు ఉంటాయి. మొత్తం కట్టవలసింది 6,000. కనీసం కట్టవలసింది 300. చిన్న అంకె చూసి చాలామంది అదే కడతారు. అప్పుడు మిగిలిన 5,700 మీద వడ్డీ పడుతుంది. నెలకు నూటికి మూడున్నర రూపాయలు తీసుకునే కార్డులున్నాయి. అంటే సుమారు 200 రూపాయలు. వడ్డీ మీద పన్ను 36. రెండో నెల మళ్లీ 300 కడితే అందులో 236 వడ్డీకి, పన్నుకే పోతుంది. అసలు తగ్గేది 64 రూపాయలు. బాకీ ఉండగా ఇంకేమైనా కొంటే దానికి కొన్న రోజు నుండే వడ్డీ.

"సంఘంల నూటికి రూపాయి వడ్డీకి తెచ్చుకుంటున్నం. మూడున్నర ఎవలు కడ్తరు?" అంది అక్క.

"బిల్లు మొత్తం గడువులోపల కడితే వడ్డీ లేదు వదినె. నేనైతే జీతం రాంగనే కడ్త."

నెలజీతం వచ్చే ఆడబిడ్డకు అది కుదురుతుంది. పత్తి ఏరే రోజుల్లో మాత్రమే చేతిలో డబ్బు ఆడే అక్కకు కష్టం. మొదటిసారి కొనే అక్కకు డెబిట్ కార్డే మేలు. కాకపోతే దానికి తాళం వేసుకోవాలి.

ఆ తాళం 2020లో వచ్చింది. ఆ ఏడాది రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుతో ఆన్‌లైన్‌లో కొనడం మొదట కుదరదు. కావాలంటే మనమే తెరిపించుకోవాలి. ఎంతవరకు కొనవచ్చో కూడా మనమే పెట్టుకోవచ్చు. బ్యాంకు యాప్‌లో ఈ పని చేయవచ్చు. చేతగాకపోతే బ్యాంకులో అడగాలి.

అక్క, ఆడబిడ్డ కలిసి యాప్ తెరిచారు. ఆన్‌లైన్ కొనుగోలు తెరిచి, పరిమితి 6,000 పెట్టారు. విదేశాల కొనుగోలు మూసే ఉంచారు. మిషనుకు డబ్బు కట్టారు. ఓటీపీని అక్క తానే ఫోనులో నొక్కింది. మెసేజి వచ్చింది: 6,000 తగ్గింది, నిలువ 8,000. వెంటనే ఆన్‌లైన్ కొనుగోలు మళ్లీ మూసేశారు.

కార్డు వెనకాల ఉన్న బ్యాంకు ఫోను నంబరును అక్క నోటుబుక్కులో రాసుకుంది. కార్డు పోతే నంబరు కూడా పోతుంది కదా! దాని కింద 1930 అని రాసుకుంది. ఫోను మోసాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరు అది. తాను చేయని కొనుగోలుకు మెసేజి వస్తే మొదట బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించాలి. ఫిర్యాదు నంబరు అడిగి, తేదీతో సహా రాసుకోవాలి. ఆ నంబరు కోసం పుస్తకంలో కింద రెండు గీతల చోటు వదిలింది.