రెండు లోగోలు, ఒక స్లైడు

ఒక చేనేత సహకార సంఘానికి పీపీటీ తయారు చేసిపెట్టాను. ఒక బ్యాంకుతో కలిసి వాళ్లు మొదలుపెట్టబోయే పథకం గురించి అది. సంఘం లోగో అంటే తెలుగు అక్షరాల్లో రాసిన పేరే, అడ్డంగా పొడుగ్గా ఉంటుంది. బ్యాంకుది నిండు నీలంలో నలుచదరపు గుర్తు. రెండింటినీ ఒకే ఎత్తులో పక్కపక్కన పెట్టాను. బ్యాంకు అధికారి స్లైడు చూసి, "మా లోగోని అలా మూలకి తోసేశారేంటండీ?" అన్నారు. కొలిచి చూపించాను, రెండూ 1.2 సెంటీమీటర్ల ఎత్తే. అయినా ఆయన చెప్పిందే నిజం. సంఘం లోగో వెడల్పు ఎత్తుకు నాలుగు రెట్లు కాబట్టి, అది స్లైడు మీద ఆక్రమించిన చోటు కూడా బ్యాంకు గుర్తుకు నాలుగు రెట్లు. నేను సమానంగా ఉంచింది ఎత్తును. చూసేవాళ్ల కంటికి ఆనేది ఎత్తు ఒక్కటే కాదు.

లోగోను ఎక్కడ పెట్టాలి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్న నియమాలు ఆ రోజు నుంచి నాకు కాగితం మీది లాంఛనాలుగా అనిపించలేదు. ఆ సంఘానికి వాటిని ఎలా రాసుకున్నామో చెబుతాను.

మొదట ఖాళీ సంగతి. దగ్గరదగ్గరగా ఉన్నవాటిని మన కన్ను ఒకే వస్తువుగా చూస్తుంది. లోగోకి ఆనుకుని ఒక శీర్షిక ఉంటే అది కూడా పేరులో భాగమే అనిపిస్తుంది. అందుకే లోగో చుట్టూ ఏదీ రాకూడని జాగా ఒకటి గీస్తారు. డిజైనర్లు దాన్ని క్లియర్ స్పేస్ అంటారు. ఆ జాగాను సెంటీమీటర్లలో రాస్తే పనికిరాదు. నాలుగు సెంటీమీటర్ల లోగో చుట్టూ ఒక సెంటీమీటరు వదిలితే ధారాళంగా ఉంటుంది. అదే లోగోను రెండు మీటర్ల ఫ్లెక్సీ మీద వేస్తే ఆ ఒక్క సెంటీమీటరు ఉందో లేదో కూడా తెలియదు. కాబట్టి కొలత లోగోలోంచే రావాలి. లోగో పెరిగితే ఖాళీ కూడా పెరగాలి, తగ్గితే తగ్గాలి.

ఇంగ్లీషు లోగోలకు ఈ కొలతగా చాలాచోట్ల ఒక పెద్ద అక్షరం ఎత్తును తీసుకుంటారు. తెలుగు లిపిలో అది అంత తేలిగ్గా కుదరదు. గుడి పైకి లేస్తుంది, వత్తు కిందికి దిగుతుంది. మేం సంఘం పేరులోంచి గుడీ వత్తూ లేని 'న' అక్షరాన్ని తీసుకున్నాం. తలకట్టుతో సహా దాని ఎత్తే మా కొలత. లోగో వెడల్పు 4, ఎత్తు 1 సెంటీమీటరు ఉన్నప్పుడు ఆ 'న' ఎత్తు 0.6 సెంటీమీటర్లు. నాలుగు వైపులా అంత ఖాళీ ఉండాలి.

ఆ ఖాళీ ఎక్కడినుంచి మొదలవుతుందో కూడా రాయాలి. అక్షరాలు కూర్చున్న గీత నుంచి కొలిస్తే, వత్తులు వదిలిన జాగాలోకే వేలాడతాయి, కింది వాక్యం వాటికి తగులుతుంది. అందుకే అన్నిటికన్నా కిందికి దిగిన వత్తు అంచు నుంచి, అన్నిటికన్నా పైకి లేచిన గుడి అంచు నుంచి కొలవాలని రాసుకున్నాం.

ఇక రెండో లోగో. సమాన భాగస్వాములైతే ఎత్తుకు బదులు వైశాల్యంతో మొదలుపెట్టాలి. సంఘం లోగో 4 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు ఎత్తు, అంటే 4 చదరపు సెంటీమీటర్లు. అంతే వైశాల్యం రావాలంటే బ్యాంకు గుర్తు అటు రెండు, ఇటు రెండు సెంటీమీటర్లు ఉండాలి. అలా పెట్టి చూస్తే ఈసారి బ్యాంకుదే ముందుకొచ్చింది. కారణం రంగు. సంఘం లోగోలో అక్షరాల మధ్య తెలుపు ఉంది, బ్యాంకుది నిండు నీలం. నిండు రంగు బరువుగా కనిపిస్తుంది. కళ్లు సగం మూసి, రెండూ ఒకే బరువుగా మసకబారే దాకా తగ్గించుకుంటూ వచ్చి 1.7 దగ్గర ఆగాం. వైశాల్యం లెక్క మొదలుపెట్టడానికి మాత్రమే, చివరి మాట కంటిదే.

రెండింటి మధ్య ఖాళీకి ఇద్దరి నియమాలూ చూడాలి. బ్యాంకు నియమం ప్రకారం గుర్తు వెడల్పులో నాలుగో వంతు వదలాలి, అంటే దాదాపు 0.43 సెంటీమీటర్లు. మాది 0.6. ఇలాంటప్పుడు పెద్దదాన్నే తీసుకోవాలి. మధ్యలో సన్నటి నిలువు గీత పెట్టి, దానికి రెండు వైపులా 0.6 చొప్పున వదిలాం. మొత్తం జంట వెడల్పు 6.9 సెంటీమీటర్లు అయింది. మామూలు వెడల్పు స్లైడు 33.87 సెంటీమీటర్లు కాబట్టి, ఇది అందులో ఐదో వంతు. శీర్షికను ఎక్కడ ఆపాలో ఈ లెక్క తేలాకే నిర్ణయించాం.

ఎవరిది ముందు అన్నది కొలతలతో తేలేది కాదు. సమాన భాగస్వామ్యమైనా, పీపీటీని ఎవరు తయారుచేసి ఎవరి తరఫున చూపిస్తున్నారో వాళ్లది ఎడమవైపు పెట్టడం వాడుక. డబ్బు మాత్రమే ఇచ్చిన సంస్థ అయితే జంటగా పెట్టకూడదు. ఆ లోగోను విడిగా, చిన్నగా, 'ఆర్థిక సహకారం' అన్న మాట కింద పెట్టాలి. అలా కాకుండా పక్కపక్కన పెడితే పథకం ఇద్దరిదీ అని చూసేవాళ్లు నమ్ముతారు. అందుకే భాగస్వామి లోగో ఉన్న ప్రతి కొత్త స్లైడునూ ముందుగా వాళ్లకు పంపి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి.

లోపలి స్లైడ్లలో ఇంత పెద్ద జంట అడ్డమవుతుంది. సగానికి తగ్గిద్దామనుకున్నాం. అప్పుడు సంఘం లోగో 2 సెంటీమీటర్లకు దిగి, ప్రొజెక్టరు మీద వత్తులు మూసుకుపోయాయి. ఎక్కడిదాకా తగ్గిస్తే చదవగలమో ప్రొజెక్టరు మీదే చూసి 2.5 సెంటీమీటర్లను కనీస వెడల్పుగా రాసుకున్నాం. అదే నిష్పత్తిలో జంట మొత్తం 4.3 సెంటీమీటర్లకు వచ్చింది. అంత చోటు కూడా లేని స్లైడులో రెండూ తీసేయాలి. ఒకరిది ఉంచి ఒకరిది తీసేయకూడదు.

తప్పులు ఎక్కువగా వచ్చేది ఫైళ్ల దగ్గర. భాగస్వామి వెబ్‌సైటు నుంచి కాపీ చేసిన లోగో రంగు స్లైడు మీద తెల్ల డబ్బాలో కూర్చుంటుంది. వాళ్లను అడిగి ఎస్‌వీజీ ఫైలు, ముదురు నేపథ్యం కోసం తెల్ల రంగు లోగో, రెండూ తెప్పించుకోవాలి. కొన్ని ఫైళ్లలో బొమ్మ చుట్టూ కనిపించని ఖాళీ ముందే ఉంటుంది. బొమ్మ మీద క్లిక్ చేసినప్పుడు ఎంపిక గీతలు గుర్తుకి దూరంగా కనిపిస్తే అదే సంగతి. అంచులదాకా కత్తిరించాకే కొలవాలి, లేకపోతే పైన చేసిన లెక్కలన్నీ తప్పుతాయి.

చివరగా జంటను `View` కింద ఉన్న `Slide Master`లో పెట్టాం. అక్కడ పెట్టిన బొమ్మను మామూలు స్లైడులో ఎవరూ పొరపాటున జరపలేరు. ఖాళీ జాగా కొలతలతో రంగు నింపని ఒక దీర్ఘచతురస్రం గీసి ప్రతి స్లైడు మీదా ఉంచి చూశాం. మూడు చోట్ల స్లైడు నంబరు అందులోకి వచ్చింది, ఒకచోట శీర్షికలోని వత్తు దిగింది. అవి సరిచేసి దీర్ఘచతురస్రం తీసేశాం.

రెండోసారి చూసినప్పుడు బ్యాంకు అధికారి లోగోల గురించి ఏమీ అనలేదు. నేరుగా నేతగాళ్లకు ఇచ్చే రుణం గురించి అడిగారు.