పునఃపరిశీలన కోరే లేఖ

నర్సింగు విద్యార్థులు వార్డులో తమకు అప్పగించిన రోగిని పరిశీలించి, అతని సమస్యలను, చేయవలసిన పరిచర్యలను, వాటి కారణాలను, ఫలితాలను వరుసగా రాసే పత్రాన్ని కేర్ ప్లాన్ అంటారు. అధ్యాపకురాలు దానిని దిద్ది మార్కులు వేస్తారు. ఆ మార్కులను మరల చూడవలసిందని కోరే లేఖను ఒక కల్పిత సందర్భం ద్వారా పరిశీలిద్దాం.

రోగికి ఉదర శస్త్రచికిత్స జరిగి రెండవ రోజు. దగ్గితే కుట్ల వద్ద నొప్పి కలుగుతున్నందున అతడు దగ్గడమే మానివేశాడు. కఫం ఛాతీలో నిలిచిపోయింది. విద్యార్థిని కఫాన్ని మొదటి సమస్యగా, నొప్పిని రెండవ సమస్యగా రాసింది. అధ్యాపకురాలు ఎర్రసిరాతో 'నొప్పి ముందు రావాలి' అని రాసి 5 మార్కులు తగ్గించారు. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు. దగ్గనీయకుండా చేస్తున్నది నొప్పియే కదా! కనుక 'ఎంతో శ్రమించి రాశాను' అన్న విన్నపం ఇక్కడ పనికిరాదు. సమాధానాన్ని రోగి వివరాలలోనే వెతకాలి. విద్యార్థిని ఇలా రాసింది:

"గౌరవనీయులైన మేడమ్ గారికి, నమస్కారములు.

నా కేర్ ప్లాన్‌లో సమస్యల ప్రాధాన్యక్రమానికి తగ్గించిన మార్కులను పునఃపరిశీలించవలసిందిగా కోరుతున్నాను. ఆనాటి ఉదయం 8 గంటలకు రోగి శ్వాస నిమిషానికి 28 సార్లు, రక్తంలో ఆక్సిజన్ 91 శాతం ఉన్నాయి. స్టెతస్కోపుతో వినగా ఊపిరితిత్తుల అడుగుభాగాన గరగర శబ్దం వినిపించింది. నొప్పి పదింటికి 5 అని రోగి చెప్పాడు. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ అనే వరుసలో ప్రమాదాన్ని గుర్తించాలన్న సూత్రాన్ని అనుసరించి కఫాన్ని ముందుంచాను. అయితే నొప్పిని విస్మరించలేదు. డాక్టరు రాసిన నొప్పి మందు ఇచ్చి, అది పనిచేయసాగిన తరువాత, కుట్లపై దిండు అదిమి పట్టుకొని దగ్గేటట్లు చేయడాన్ని మొదటి సమస్య కిందనే చేర్చాను. తమ నిర్ణయం ఏదైనా కారణం తెలుపగలరని ప్రార్థన."

పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు శ్వాస సాధారణంగా నిమిషానికి 12 నుండి 20 సార్లు ఉంటుంది. ఈ అంకెలే లేఖకు బలం. సమయం పేర్కొనడం వలన అధ్యాపకురాలు వార్డు రికార్డుతో సరిచూడగలుగుతారు. రోగి పేరు మాత్రం రాయలేదు. అది గోప్యంగా ఉంచవలసిన విషయం.

మరో 2 మార్కుల ఊసు లేఖలో లేదు. ప్లానులో 'రోగికి ఉపశమనం కలుగుతుంది' అని లక్ష్యం రాసినందుకు అవి పోయాయి. ఎంత కాలంలో, ఏ కొలతతో అన్నది లేని లక్ష్యం నెరవేరినదీ లేనిదీ చెప్పలేము. ఆ కోత సరైనదే.

లేఖకు ఎర్రసిరా గుర్తులున్న అసలు ప్రతినే జతచేయాలి. సవరించి రాసిన ప్రతి ఆనాటి ఆలోచనకు సాక్ష్యం కాదు. ఒకవేళ ఆ ఉదయం ఆక్సిజన్ 98 శాతం ఉండి, శ్వాస సాధారణంగా సాగుతూ, నొప్పి 9 అయి ఉంటే, అధ్యాపకురాలు చెప్పిన వరుసే సరైనదయ్యేది; ఈ లేఖకు ఆధారమే ఉండేది కాదు.