మీకు తెలుసా? పిల్లలకు ఒక గుంటూరు, పెద్దలకు ఇంకో గుంటూరు

ఒకే సంగతిని చిన్నపిల్లలకు, మామూలు పాఠకులకు, ఆ రంగంలో పండినవాళ్లకు విడివిడిగా రాయాల్సి వస్తే నిపుణుల పేరాయే అన్నిటికన్నా పొడవుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అందులోంచి కొంత తీసేస్తే పెద్దలది, ఇంకొంత తీసేస్తే పిల్లలది వస్తుందని లెక్క. ఈ లెక్క తప్పు. ఒక్కో మెట్టు మీద జారిపోయే వివరం ఒక్కో రకం. హీలియం కథ తీసుకుంటే ఇది తేలిగ్గా కనిపిస్తుంది. అందులో మన గుంటూరు కూడా ఉంది.

పిల్లలకు: చాలా కాలం కిందట ఒక రోజు పట్టపగలే చంద్రుడు అడ్డొచ్చి సూర్యుణ్ణి పూర్తిగా కప్పేశాడు. అప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు కనిపించాయి. గుంటూరులోనూ ఇంకా చాలా ఊళ్లలోనూ శాస్త్రవేత్తలు ఆ వెలుగును గాజు పట్టకం గుండా చూశారు. రంగురంగుల గీతలు కనబడ్డాయి. వాటిలో ఒక పసుపు గీత దేనిదో చాలా ఏళ్లు ఎవరికీ అంతు పట్టలేదు. చివరికి అది హీలియం అనే వాయువుదని తేలింది. బెలూన్లలో నింపుతారే, అదే!

పెద్దలకు: 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలలు బాగా వేడెక్కిన వాయువులేనని, వాటిలో ముఖ్యంగా హైడ్రోజన్ ఉందని వర్ణపటంలోని గీతలు చెప్పాయి. ఆ గీతలు చాలా ప్రకాశంగా ఉండటంతో, గ్రహణం లేని రోజుల్లో కూడా వాటిని చూడొచ్చని అతనికి తోచింది. మర్నాడే చూశాడు కూడా. అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాక్యర్, జాన్సెన్ సంగతి తెలియకుండానే, అదే పని చేశాడు. ఇద్దరి కబుర్లూ అక్టోబరు 26న పారిస్‌లోని సైన్సు అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటి అప్పటికి తెలిసిన ఏ మూలకంతోనూ కలవలేదు. అది ఏదో కొత్త పదార్థానిదని లాక్యర్ నమ్మాడు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి అదే గీతనిచ్చే హీలియం వాయువును రాబట్టాక సందేహం తీరిపోయింది.

నిపుణులకు: 1868 గ్రహణంలో ప్రామినెన్సుల ఉద్గార వర్ణపటంలో కనిపించిన పసుపు రేఖను చాలామంది పరిశీలకులు సోడియం డి రేఖగానే లెక్కించారు. దాని స్థానం సోడియం జంట (589.59, 588.99 నానోమీటర్లు) కన్నా నీలం వైపు, 587.56 దగ్గర ఉందని లాక్యర్ పరిశీలనలతో స్పష్టమై, అది డి3 అయింది. ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి ప్రయోగశాలలో హైడ్రోజన్ నుంచి ఆ రేఖను రప్పించాలని చూసినా రాలేదు. 1895లో క్లీవైట్ వాయువు రేఖ జంటరేఖ అని రుంగే, పాషెన్ చూపారు. సౌర డి3 కూడా జంటరేఖేనని తేలాక గుర్తింపు ఖాయమైంది.

నిపుణుల పేరా పెద్దల పేరా కన్నా పొట్టిగా ఉంది, గమనించారా? గ్రహణం అంటే ఏమిటో, వర్ణపటం ఏం చెబుతుందో వాళ్లకు వివరించక్కర్లేదు. అందుకే ఆ పేరాలో గుంటూరు కూడా లేదు. ఎక్కడ నిలబడి చూశారన్నది వాళ్లకు అవసరం లేదు; రేఖ ఎక్కడ పడింది, దాన్ని ఇంకేదో అనుకునే వీలు ఎలా తొలగింది అన్నదే కావాలి. రెండు ఉత్తరాలు ఒకే రోజు చేరిన ముచ్చట కూడా అందుకే ఎగిరిపోయింది. బెలూన్ సంగతి పిల్లల పేరాలో తప్ప ఇంకెక్కడా లేదు. అంటే పిల్లల పేరా మిగతా రెండింటి ముక్క కాదు, దాని సరుకు దానికుంది.

ఇక మన క్విజ్ పుస్తకాల్లో తరచూ కనిపించే వాక్యం చూడండి: 1868లో గుంటూరులో హీలియంను కనుగొన్నారు. చిన్నగా, గుర్తుండేలా ఉంది. కానీ కుదింపు ఎలా చెడుతుందో చూపించడానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. గీత కనబడటం ఒక సంగతి. అది సోడియంది కాదని తేలడం రెండోది. కొత్త మూలకమేమో అన్న ఊహ మూడోది. వాయువు నిజంగా చేతికి చిక్కడం నాలుగోది. మొదటి సంగతికీ చివరిదానికీ మధ్య సుమారు ఇరవై ఏడేళ్లు ఉన్నాయి. ఈ నాలుగింటినీ కలిపి కుట్టేసరికి, గుంటూరులో ఎవరో హీలియంను సీసాలో పట్టినట్టు పిల్లవాడికి అర్థమవుతుంది. పైగా జాన్సెన్ గుంటూరులో సాధించినదాంట్లో అసలు గొప్ప పని, గ్రహణం అయిపోయాక కూడా జ్వాలలను చూసే ఉపాయం, పూర్తిగా మాయమైపోయింది.

ఇలాంటి చెడ్డ కుదింపును పట్టుకోవడానికి పత్రికల డెస్క్‌లో ఒక సులువైన పరీక్ష ఉంది. పిల్లల కోసం రాసినదాన్ని నిపుణుడి చేతికిస్తారు. ‘ఇందులో చాలా చెప్పలేదు’ అంటే ఫర్వాలేదు, అలాగే అచ్చుకు పంపొచ్చు. ‘ఇది తప్పు’ అంటే మాత్రం తీసేయకూడని మాట ఏదో తీసేశారన్న మాట. క్విజ్ వాక్యంలో ఎగిరిపోయింది ‘గీత’ అన్న మాట. పై పిల్లల పేరాలో ఏళ్లు లేవు, మనుషుల పేర్లు లేవు, సోడియం ఊసే లేదు. గీత మాత్రం ఉంది, అది దేనిదో చాలా ఏళ్లు తెలియలేదన్న మాటా ఉంది. అందుకే అది పొట్టిదే గానీ తప్పు కాదు.

ఈ పరీక్షను తిప్పి చేసేవాళ్లు కూడా ఉన్నారు. 2013లో మొదలైన ‘ఫ్రాంటియర్స్ ఫర్ యంగ్ మైండ్స్’ అనే పత్రికలో శాస్త్రవేత్తలు పిల్లల కోసం రాసిన వ్యాసాలను పిల్లలే చదివి, ఎక్కడ అర్థం కాలేదో చెబుతారు. అది సరిదిద్దాకే వ్యాసం వెలువడుతుంది.

మరి పెద్దల పేరాకు ఏ లోటూ లేదా? ఉంది, అది చటుక్కున కంటికి కనబడదు. అంకెలు తీసేశాం, సరే. ఫ్రాంక్‌లాండ్‌ను తీసేశాం, అదీ సరే. కానీ ఆ పేరాలో జాన్సెన్ ఉపాయం ఒక చోట, పసుపు గీత ఇంకో చోట పక్కపక్కన ఊరికే కూర్చున్నాయి. ఒకటి రెండోదానికి దారి తీసిందన్న సంగతి ఎక్కడా లేదు. నిజానికి కథంతా అక్కడే ఉంది. గుంటూరులో సూర్యుడు పూర్తిగా కనుమరుగైన సమయం ఆరు నిమిషాల లోపే. అంత తక్కువ సేపట్లో చీకట్లో తడుముకుంటూ పరికరం సరిచేసుకుని చూసేవాడికి, 587.56కీ 588.99కీ ఉన్న తేడా, అంటే సుమారు ఒకటిన్నర నానోమీటరు, పట్టుకోవడం గగనం. పసుపు రంగులో గీత కనిపిస్తే సోడియం అనుకోవడం సహజం. అదే రోజు మచిలీపట్నంలో గ్రహణాన్ని చూసిన మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ కూడా పసుపు గీతను డి దగ్గరగా గుర్తించాడే తప్ప కొత్త మూలకం మాట ఎత్తలేదు. గ్రహణం లేకుండా చూడగలిగాక ఆ తొందర పోయింది. లాక్యర్ తన దుర్భిణి దగ్గర కూర్చుని, సోడియం గీతల పక్కన దాన్ని పెట్టి, ఒకటికి పదిసార్లు చూసుకోగలిగాడు.

పెద్దల పేరాలో ఒక్క వాక్యం చేరిస్తే ఈ లోటు తీరుతుంది: గ్రహణం కోసం ఎదురుచూడక్కర్లేకుండా పోయింది గనకే ఆ గీత స్థానాన్ని తీరిగ్గా కొలవడం కుదిరింది. పదకొండు మాటలు. అకాడమీకి ఉత్తరాలు ఒకే రోజు చేరిన వాక్యాన్ని తీసేసి ఇది పెట్టమంటే నేను వెంటనే ఒప్పుకుంటాను. ఉత్తరాల ముచ్చట చదవడానికి బాగుంటుంది, అంతే.

పేజీలో చోటు చాలనప్పుడు వార్తను కింది నుంచి కోసుకుంటూ రావడం పత్రికల్లో పాత అలవాటు. పెద్దల పేరాను అలా కోసి చూడండి. రామ్సే పోయాడు, కొత్త పదార్థం పోయింది, పసుపు గీత పోయింది. మిగిలింది గుంటూరు, జాన్సెన్, హైడ్రోజన్, రెండు ఉత్తరాలు. హీలియం గురించి మొదలుపెట్టిన పేరాలో హీలియమే లేదు! కాలక్రమంలో చెప్పిన కథల్లో అసలు విషయం చివర్లో ఉంటుంది గనక, వాటికి ఈ కోత పనికిరాదు. పొట్టి పాఠాన్ని పొడుగుదాంట్లోంచి కోయకుండా, చివర తేలిన సంగతిని ముందు పెట్టుకుని మొదటి నుంచి రాసుకోవాలి.

నిపుణుల పేరాలోనూ ఒక మెలిక ఉంది. అందులో నానోమీటర్ల అంకెలు నేటివి. ఆ కాలంలో గీత స్థానాన్ని ఇలా చెప్పేవారు కాదు; కిర్క్‌హాఫ్ తయారుచేసిన వర్ణపట పటం మీద కొలత చెప్పేవారు. భౌతికశాస్త్రం చదివేవాళ్లకు నేటి అంకె చాలు. చరిత్ర పరిశోధకులకు మాత్రం అదే లోపంగా కనబడుతుంది, ఎందుకంటే లాక్యర్ ముందు ఎంత నిక్కచ్చి కొలత ఉందో వాళ్లు తెలుసుకోవాలి. నిపుణులకు అన్నంత మాత్రాన సరిపోదు, ఏ నిపుణులకో ముందే తేల్చుకోవాలి.

ఈ మూడు పేరాల్లో దేనిలోనూ చోటు దక్కని మనిషి ఒకరున్నారు. ఆ గ్రహణం నాడే మద్రాసు వేధశాల తరఫున చింతామణి రఘునాథాచారి వనపర్తిలో పరిశీలన జరిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగే వేళకు మామూలు జనానికి అర్థమయ్యేలా ఒక చిన్న పుస్తకం రాసి, ఇంగ్లిషుతో పాటు కన్నడంలోనూ ఉర్దూలోనూ అచ్చు వేయించింది కూడా ఆయనే.